బలం లేని చేయి ఎక్కువ నొక్కుతుంది

గత వేసవిలో మా అమ్మను చిత్తూరు నుంచి తీసుకొచ్చి తిరుపతిలో ఒక పళ్ళ డాక్టరు గారికి చూపించాను. ఆయన చిన్న అద్దం ఆమె చేతికిచ్చి, ఎడమవైపు పై కోరపన్నును, దాని వెనకున్న రెండు పళ్ళను చూడమన్నారు. చిగురు పైకి జరిగిపోయి, పన్ను మొదట్లో గొడ్డలితో చిన్న గాటు పెట్టినట్టు గాడి కనిపించింది. తరువాత కుడివైపు కింది పళ్ళ లోపలి పక్క, నాలుకకు తగిలే వైపు చూపించారు. అక్కడ గార కట్టి ఉంది. పరికరం తగలగానే చిగురు నుంచి రక్తం వచ్చింది. "అమ్మా, ఒక పక్క మీరు తోమడం లేదు, గీరుతున్నారు. ఇంకో పక్క బ్రష్షే పోవడం లేదు" అన్నారాయన.

అమ్మకు 71 ఏళ్ళు, రుమటాయిడ్ ఆర్థరైటిస్ వచ్చి పదకొండేళ్ళు. కుడిచేతి వేళ్ళ మొదటి కణుపులు వాచి, వేళ్ళన్నీ చిటికెన వేలి వైపుకు ఒరిగాయి. పొద్దున లేచాక గంటసేపటి దాకా పిడికిలి పూర్తిగా ముడుచుకోదు. అలాంటి చేతికి గట్టిగా తోమే శక్తి ఎక్కడిదన్నదే అన్నాళ్ళూ నా ఆలోచన. ఆమె పళ్ళకు ఏదైనా నష్టం జరిగితే అది సరిగా తోమలేకపోవడం వల్లనే జరుగుతుందనుకున్నాను. ఆ గాడి నా లెక్కను తలకిందులు చేసింది. దాని గురించి ఆలోచిస్తూ, కొన్ని పరీక్షలు చేసుకుంటూ నేను చేరిన అభిప్రాయాన్నే ఇక్కడ రాస్తున్నాను: కీళ్ళు పట్టేసిన చేతికి ఎలక్ట్రిక్ బ్రష్ కొనడం సరైన పనే, కానీ చేతికి తోమే బలం చాలదని మనం సాధారణంగా చెప్పుకునే కారణం అసలు కారణం కాదు.

సైకిల్ పిడి కథ

రెండేళ్ళ కిందట అమ్మ వేళ్ళలో బ్రష్ నిలవడం లేదని గమనించినప్పుడు నేను చేసిన పని, చాలామంది చేసేదే, పిడిని లావు చేయడం. మామూలు బ్రష్ పిడి దాదాపు మన చిటికెన వేలంత లావుంటుంది. దాన్ని జారకుండా పట్టుకోవాలంటే బొటనవేలిని, చూపుడువేలిని దగ్గరకు తెచ్చి చిటికె పట్టు పట్టాలి. కీళ్ళవాతం మొదట దెబ్బతీసే పట్లలో అదొకటి. సైకిల్ షాపులో హ్యాండిల్‌కు తొడిగే రబ్బరు పిడి ఒకటి కొని, బ్రష్‌కు గుడ్డపీలిక చుట్టి అందులోకి దిగ్గొట్టాను. అమ్మ ఎంతో సంతోషించింది. ఆ రోజు నుంచి బ్రష్ చేయి జారి కింద పడలేదు.

పడకపోవడం నిజమే కానీ, పట్టు మారిందన్న సంగతి నేను పట్టించుకోలేదు. అంతకుముందు ఆమె బ్రష్‌ను పెన్ను పట్టుకున్నట్టు పట్టుకునేది. లావు పిడి వచ్చాక రోకలి పట్టుకున్నట్టు పిడికిలితో పట్టుకోవడం మొదలుపెట్టింది. పెన్ను పట్టులో పని చేసేవి వేళ్ళ కొసలు. ఒత్తిడి ఏమాత్రం ఎక్కువైనా ముందు వాటికే తెలుస్తుంది, అవే సర్దుకుంటాయి. పిడికిలి పట్టులో వేళ్ళు కదలవు, మణికట్టు కూడా పెద్దగా తిరగదు. కాబట్టి కదలికంతా మోచేయి నుంచి, భుజం నుంచి రావాలి. అక్కడున్నవి పెద్ద కండరాలు. బిందె ఎత్తడానికి పనికొచ్చేవే గానీ పన్ను మీద తేలికగా ఆడించడానికి కాదు. వేళ్ళలో బలం పోయినకొద్దీ చేయి మొత్తం రంగంలోకి దిగుతుంది. ఆ బరువంతా వెళ్ళి, కుడిచేతి వాటం వాళ్ళకు సులభంగా అందే ఎడమ కోరపన్ను మలుపు మీద పడుతుంది.

కాటా మీద బ్రష్

ఇది నా ఊహ మాత్రమేనా అని తేల్చుకోవడానికి వంటింట్లో పిండి తూచుకునే డిజిటల్ కాటాను భోజనాల బల్ల మీద పెట్టి, దాని మీద తడిపిన స్పాంజి ఒకటి ఉంచి, అంకెను సున్నాకు తెచ్చాను. పళ్ళ మీద ఎంత నొక్కుతామో అంతే నొక్కుతూ ఈ స్పాంజిని తోమమని అమ్మను అడిగాను. సన్న పిడి బ్రష్‌తో 120 గ్రాముల దగ్గర అంకె ఊగింది, మధ్యలో రెండుసార్లు బ్రష్ జారింది. సైకిల్ పిడి బ్రష్‌తో 350 నుంచి 420 గ్రాముల దాకా పోయింది. నాది చూసుకుంటే 220 దగ్గర ఉంది. పళ్ళు తోమడానికి 150 గ్రాముల ఒత్తిడి సరిపోతుందన్నది దంతవైద్యులు సాధారణంగా చెప్పే మాట.

కాటా నోరు కాదని నాకు తెలుసు. బల్ల మీదికి వంగి నొక్కినప్పుడు చేయి బరువు కిందికి పడుతుంది. నోట్లో ఆ చేయి గాలిలో వేలాడుతూ పక్కకు నొక్కుతుంది. కాబట్టి ఆ అంకెలను డాక్టరు చీటీలా తీసుకోకూడదు. కానీ ఒకే మనిషి, ఒకే బల్ల, అదే స్పాంజి ఉండగా పిడి మార్చితే ఒత్తిడి మూడింతలు కావడం చిన్న విషయం కాదు. నేను ప్రేమతో అమర్చిన సైకిల్ పిడి ఒక సమస్యను తీర్చి ఇంకో సమస్యను తెచ్చిపెట్టిందన్నమాట.

ఇక్కడ డాక్టరు గారు నన్ను ఆపిన సంగతి కూడా చెప్పాలి. పన్ను మొదట్లో గాడి పడటానికి బ్రష్ ఒక్కటే కారణం కాదని, పులుపు ఎక్కువ తినడం, కడుపులోని ఆమ్లం పైకి తన్నుకు రావడం, రాత్రిళ్ళు పళ్ళు కొరకడం కూడా తోడవుతాయని, రెండేళ్ళలో ఇంత గాడి మొత్తం పడి ఉండదని ఆయన అన్నారు. గట్టి ఎనామిల్‌ను బ్రష్ కుచ్చు ఒక్కటే పెద్దగా అరగదీయలేదు; చిగురు జరిగి బయటపడిన వేరు భాగం మెత్తన, దాని మీద పేస్టులోని గరుకు పొడి, దాని వెనుక ఒత్తిడి కలిసి పనిచేస్తాయి. సరే, గాడి మొదలుపెట్టింది సైకిల్ పిడి కాకపోవచ్చు. దాన్ని లోతు చేస్తున్నది మాత్రం అదే అయి ఉండాలి.

"సోమరిపోతుల బ్రష్"

ఎలక్ట్రిక్ బ్రష్ కొంటానన్నప్పుడు ఇంట్లో మొదట వచ్చిన అభ్యంతరం అమ్మ నుంచే. "పళ్ళు తోముకోవడానికి కూడా కరెంటా నాయనా? మీ తాత 80 ఏళ్ళు కానుగ పుల్లతో గడిపినాడు" అంది. మా మేనమామ ఇంకో అడుగు ముందుకేసి, అది సోమరిపోతుల కోసం చేసిన వస్తువని తేల్చేశాడు. చరిత్ర ఆయన మాటకు అడ్డం నిలుస్తుంది. 1954లో స్విట్జర్లాండులో ఫిలిప్ గీ వూగ్ అనే వైద్యుడు రూపొందించిన బ్రాక్సోడెంట్ అనే తొలి ఎలక్ట్రిక్ బ్రష్ ఉద్దేశించింది చేతుల కదలిక సరిగా లేని రోగుల కోసం, పళ్ళకు తీగలు కట్టించుకున్నవారి కోసం. ఆరోగ్యవంతుల స్నానాల గదిలోకి అది తరువాత వచ్చింది.

మేనమామ రెండో వాదన మాత్రం బరువైనదే. మామూలు బ్రష్‌కూ దానికీ ఉన్న తేడా అంత డబ్బుకు తగినదేనా అని ఆయన అడిగాడు. ఈ ప్రశ్నకు అందరూ చూపించేది వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ 2014లో ప్రచురించిన సమీక్ష. 56 అధ్యయనాలను కలిపి చూసి, మూడు నెలలు దాటాక ఎలక్ట్రిక్ బ్రష్‌తో పళ్ళ మీది పాచి 21 శాతం, చిగుళ్ళ వాపు 11 శాతం అదనంగా తగ్గాయని, ఆ తేడా రోగికి నిజంగా ఎంత మేలు చేస్తుందో స్పష్టంగా చెప్పలేమని అందులో రాశారు. చేతులు బాగున్నవాడు ఆ అంకెలు చూసి, మెత్తని మామూలు బ్రష్‌తో రెండు నిమిషాలు ఓపికగా తోముకుంటే చాలనుకుంటే నేను వాదించను. నేను కూడా నలభై ఏళ్ళుగా అదే చేశాను.

కానీ ఆ సమీక్షలోకి ఎవరిని తీసుకున్నారో చూస్తే, పళ్ళు తోముకోవడానికి అడ్డొచ్చే వైకల్యం ఏదీ లేనివారినే తీసుకున్నారు. అంటే మా అమ్మ లాంటి చేతులు ఆ లెక్కలో లేవు. పనిచేసే చేతికి, యంత్రానికి మధ్య పోటీ పెట్టి చూస్తే తేడా కొంచెమే రావడంలో వింత లేదు. పని చేయలేని చేతికి ఆ ఫలితాన్ని అన్వయించడం, నడిచేవాళ్ళకు చేతికర్ర వల్ల పెద్ద లాభం కనబడలేదు కాబట్టి కుంటేవాళ్ళకూ అక్కర్లేదనడమే.

చేయి చేసే పనులు, యంత్రం తీసుకునే పని

మొదటిసారి నేను కొన్నది తప్పు బ్రష్. నిమిషానికి 31 వేల కదలికలు అని డబ్బా మీద పెద్ద అక్షరాల్లో రాసిన, కుచ్చు అతివేగంగా అదిరే సోనిక్ రకం. నాజూకుగా, నున్నగా, సన్నగా ఉంది. దాని స్విచ్ పిడిలోకి దిగి ఉంటుంది. బొటనవేలి కొసతో లోపలికి గుచ్చినట్టు నొక్కాలి. పొద్దున ఆరు గంటలకు అమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, బొటనవేలు వంగక, చివరికి పక్కింటి అమ్మాయిని పిలిచి ఆన్ చేయించుకుందట. ఆన్ అయ్యేసరికి బ్రష్ నోటి బయట ఉంది. పేస్టు అద్దం మీద, కళ్ళజోడు మీద చిమ్మింది. "తుమ్మెదను పట్టుకున్నట్టుంది నాయనా, ఇది నాకొద్దు" అని ఫోన్లో చెప్పింది.

అప్పుడు అర్థమైంది, తోమడం అనేది ఒక పని కాదని. పిడిని పట్టుకోవాలి, స్విచ్ నొక్కాలి, కుచ్చును సరైన చోటుకు చేర్చాలి, తగినంత ఒత్తాలి, చిన్నచిన్నగా ఆడించాలి. ఎలక్ట్రిక్ బ్రష్ వీటిలో చివరిదాన్ని మాత్రమే తాను తీసుకుంటుంది. పట్టుకోవడం, చేర్చడం మన చేతికే వదిలేస్తుంది. పైగా మామూలు బ్రష్‌కు లేని స్విచ్ అనే కొత్త పనిని తెచ్చిపెడుతుంది. బరువు కూడా మామూలు బ్రష్‌కు ఆరేడింతలు. ఈ లెక్క వేయకుండా కదలికల సంఖ్య చూసి కొన్న బ్రష్‌లు ఎన్ని ఇళ్ళలో అలమారాల్లో పడి ఉన్నాయో.

రెండోసారి షాపుకు అమ్మనే తీసుకెళ్ళాను. పెట్టె తెరవడానికి ఒప్పుకోని షాపులో కొనకూడదని ముందే నిర్ణయించుకున్నాను. మూడో షాపులో చూపించడానికి పెట్టిన బ్రష్‌ను ఆమె చేతికిచ్చారు. గుండ్రని చిన్న తల ఉన్న రకం, పిడి బొటనవేలికి చూపుడువేలికి మధ్య నిండుగా పట్టేంత లావు, మీద రబ్బరు గరుకు, స్విచ్ పైకి ఉబ్బి ఉంది. అమ్మ దాన్ని బల్లకు ఆనించి చూపుడువేలి కణుపుతో నొక్కింది, ఆన్ అయింది. షాపు కుర్రాడు ఐదు మోడ్‌ల గురించి చెప్పబోతే "అవన్నీ నాకెందుకప్పా, ఇది ఆగుతుందా చెప్పు" అంది. రెండు నిమిషాలకు దానంతటదే ఆగుతుందని తెలిశాక ఆమె మనసు కుదుటపడింది, ఎందుకంటే మళ్ళీ స్విచ్ నొక్కాల్సిన పని తప్పింది.

ఎర్ర దీపం ఎవరికి కనబడాలి

ఒత్తిడి సెన్సర్‌ను నేను మొదట్లో ధర పెంచడానికి తగిలించిన ఆభరణం అనుకున్నాను. కాటా చూశాక అభిప్రాయం మార్చుకున్నాను. వేళ్ళ కొసలు చెప్పాల్సిన మాటను ఆ చేయి చెప్పలేనప్పుడు, వేరే ఏదో ఒకటి చెప్పాలి. కీళ్ళవాతంలో మణికట్టు వాచి లోపలి నరం నొక్కుకుపోతే వేళ్ళకు తిమ్మిరి కూడా వస్తుంది. అప్పుడు ఎంత నొక్కుతున్నామన్నది అసలే తెలియదు.

దాని పనితీరు పెద్ద మాయేం కాదు. గుండ్రని తల రకాల్లో తలను మోసే కడ్డీ లోపల ఒక స్ప్రింగుకు ఆని ఉంటుంది. తల మీద ఒత్తిడి పెరిగితే కడ్డీ వెంట్రుకవాసి ఒరుగుతుంది, ఆ ఒరుగుడు ఒక హద్దు దాటగానే దీపం వెలుగుతుంది, మోటారు నెమ్మదిస్తుంది. కొన్ని రకాల్లో ఒరుగుడును కాకుండా, కుచ్చు అడ్డుకోవడం వల్ల మోటారు మీద పడే భారాన్ని బట్టి పసిగడతారు. ఆ హద్దు తయారీదారును బట్టి సుమారు 200 నుంచి 300 గ్రాముల మధ్య ఉంటుంది. మేం కొన్నదాన్ని స్పాంజి పెట్టిన కాటా మీద ఆడిస్తూ నొక్కితే, అంకె గంతులేస్తున్నా, దాదాపు 230 దగ్గర దీపం వెలగడం మొదలైంది. సైకిల్ పిడితో అమ్మ నొక్కిన దానికి ఇది చాలా కింద.

అయితే హెచ్చరిక ఏ రూపంలో వస్తుందన్నది ఈ వయసు వాళ్ళకు సెన్సర్ ఉందా లేదా అన్నంత ముఖ్యం. నా మొదటి సోనిక్ బ్రష్‌లోనూ సెన్సర్ ఉంది. ఒత్తిడి ఎక్కువైతే పిడి అదిరే తీరు మారుతుంది, అంతే. ఆరోగ్యమైన నా అరచేతికి ఆ మార్పు తెలుస్తోంది, అమ్మకు తెలియలేదు. కొన్ని బ్రష్‌లలో దీపం మెడ వెనుక ఒక చుక్కలా ఉంటుంది. తోమేటప్పుడు అది చెంప వైపుకో అరచేతి వైపుకో తిరిగిపోతుంది. పళ్ళు తోముకునేటప్పుడు అమ్మ కళ్ళజోడు తీసేస్తుంది కూడా. కొత్తదానిలో దీపం మెడ చుట్టూ వలయంలా వెలుగుతుంది, దాంతోపాటు మోటారు శబ్దం దిగిపోతుంది. దీపం కంటే ఆ శబ్దమే ఆమెకు ఎక్కువ ఉపయోగపడింది. "మూలిగినప్పుడల్లా చేయి తేలిక చేస్తాను" అంది వారం తరువాత.

పాత అలవాటు మాన్పించడానికి మాత్రం సెన్సర్ చాలలేదు. మొదటి నాలుగైదు రోజులు ఆమె ఎలక్ట్రిక్ బ్రష్‌ను కూడా మామూలు బ్రష్‌లాగే ముందుకూ వెనక్కీ రుద్దింది, అది మూలుగుతూనే ఉంది. దాన్ని రుద్దకూడదు, పన్నూ చిగురూ కలిసే చోట ఆనించి, ఒకటి, రెండు అని లెక్కపెట్టి, పక్క పన్నుకు జరపాలి. ఆదివారం చిత్తూరు వెళ్ళి, వాష్‌బేసిన్ ముందు స్టూలు వేసి కూర్చోబెట్టి, మోచేతిని బేసిన్ అంచు మీద ఆనించమన్నాను. అది చేయగానే మూలుగు దాదాపు ఆగిపోయింది. చేయి బరువును మోసేది భుజం కాకుండా బేసిన్ అయ్యాక, పళ్ళ మీదికి దిగే బరువు తగ్గింది. ఈ ఒక్క మార్పు మామూలు బ్రష్‌తో కూడా చేసి ఉండాల్సింది, నాకు తట్టలేదు.

చిమ్మడం సంగతి కూడా అప్పుడే తేలింది. శనగగింజంత పేస్టు మాత్రమే పెట్టుకుని, ఆన్ చేయకుండానే పళ్ళకు నాలుగు చోట్ల అద్దుకుని, ఆ తరువాత బ్రష్‌ను బేసిన్ గట్టుకు ఆనించి కణుపుతో స్విచ్ నొక్కి నోట్లో పెట్టుకుంటే అద్దం శుభ్రంగా ఉంటోంది.

సెన్సర్ చెప్పనిది

ఇంత మెచ్చుకున్నాక దాని హద్దు కూడా రాయాలి. ఎక్కువ నొక్కితే అరుస్తుంది గానీ, అసలు తగలని చోటును గురించి మా బ్రష్‌లోని సెన్సర్ ఏమీ చెప్పదు. సరైన ఒత్తిడికి ఆకుపచ్చ దీపం వెలిగే ఖరీదైన రకాలున్నాయి. అవి కూడా కుచ్చు పన్ను మీద ఉందా చెంప మీద ఉందా అని అన్నిసార్లూ పట్టలేవు. కుడివైపు కింది పళ్ళ లోపలి పక్కకు చేరాలంటే మణికట్టు లోపలికి మడవాలి, అమ్మకు అది మడవదు. ఎర్ర దీపం వెలగలేదు కాబట్టి బాగా తోమానని ఆమె అనుకునే ప్రమాదం ఉంది, కొన్నాళ్ళు అనుకుంది కూడా. దానికి మందు బ్రష్‌లో లేదు. ముఖాన్నే ఎడమవైపుకు తిప్పి, పిడిని ఎడమచేతికి మార్చుకోవడం నేర్చుకుంది. యంత్రం ఆడుతుంటుంది కాబట్టి ఎడమచేతికి నైపుణ్యం అక్కర్లేదు, ఆనించి పట్టుకుంటే చాలు. మామూలు బ్రష్‌తో ఎడమచేత్తో తోమడం ఆమెకు ఎప్పుడూ కుదరలేదు. నా దృష్టిలో ఎలక్ట్రిక్ బ్రష్ చేసిన అసలు మేలు ఇదే.

పెన్సిల్ బ్యాటరీతో నడిచే చవక రకాలు తేలికగా ఉంటాయి, కొందరికి సరిపోవచ్చు. వాటిలో సాధారణంగా ఒత్తిడి సెన్సర్ ఉండదు, బ్యాటరీ మూత తెరవడం ఇలాంటి వేళ్ళకు నరకం. ఇక చేయి నోటి దాకా ఎత్తలేనివారికి ఏ బ్రష్ అయినా ఇంకొకరు తోమాల్సిందే. అప్పుడు సెన్సర్ తోమేవాళ్ళకు పనికొస్తుంది, ఎదుటివారి చిగురు నొప్పి మన చేతికి తెలియదు కదా.

ఖర్చు గురించి మేనమామ చెప్పింది తీసిపారేయలేను. మూడు నెలలకొకసారి మార్చాల్సిన తల ఒక్కటి, మంచి మామూలు బ్రష్‌లు నాలుగైదింటి ధర పలుకుతుంది. కుచ్చు విచ్చుకుపోయిన తలను లాగుతూ పోతే కొన్న ప్రయోజనం పోతుంది. తలను పైకి గుంజి తీయడం కూడా బలమైన చిటికె పట్టు అడిగే పనే. తల కింద నల్లటి జిగురు పేరుకుంటుంది కాబట్టి వారానికొకసారైనా తీసి కడగాలి. దీనికి అమ్మే దారి కనిపెట్టింది: గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజు తొడుక్కుని, తలను అరచేతిలో నొక్కిపట్టి, పిడిని కిందికి లాగుతుంది.

ఆరు నెలల తరువాత మళ్ళీ అదే డాక్టరు గారి దగ్గరకు వెళ్ళాం. గాడిని అంతకుముందే సిమెంటుతో పూడ్చారు. అది నిలిచి ఉంది, చిగురు ఇంకా పైకి జరగలేదు. కుడివైపు కింది లోపలి పక్క రక్తం రాలేదు. పై దవడ చివరి పన్ను వెనకాల మాత్రం పాచి ఉంది, ఎడమచేయీ అక్కడికి పోవడం లేదు. పొద్దున చేయి బిగుసుకుని ఉంటుంది కాబట్టి అప్పుడు పైపైన కానిచ్చి, చేయి బాగా ఆడే రాత్రి పూట ఆ చోటు నుంచే మొదలుపెట్టమని ఆయన చెప్పారు. సెన్సర్ పాడైతే ఎలా తెలుస్తుందని అమ్మ ఆయన్ను అడిగింది. బ్రష్ ఆన్ చేసి తల వెనుక బొటనవేలితో నొక్కి చూడమన్నారు, దీపం వెలగాలి. "నా బొటనవేలికి అంత బలముంటే ఇక్కడికెందుకొస్తాను డాక్టరు గారూ" అని నవ్వి, అప్పటి నుంచి నెలకోసారి దాన్ని బేసిన్ అంచుకు అదిమి చూసుకుంటోంది.